అమ్మమ్మ గొంతూ, స్కిప్ బటనూ

ఒక రకం కథ మీరూ చదివే ఉంటారు. అమ్మమ్మ పోతుంది, ఆ వెనకే ఆవిడ పాత ఫోనూ పోతుంది, మనవడు కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు బాధపడతాడు, ఆఖరి పేరాలో "అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి" అని తెలుస్తుంది, గొంతు వినిపిస్తుంది, చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకుని పది మందికి ఫార్వార్డ్ చేస్తారు. ఇంత ముఖ్యమైన సాహిత్యాన్ని విమర్శకులు పట్టించుకోవట్లేదు కాబట్టి ఆ బరువు నేనే ఎత్తుకుంటున్నా. నా అభ్యంతరం ఒక్కటే. కిటికీకి రెండు పేజీలిచ్చి, క్లౌడ్‌లోంచి ఎలా వచ్చాయో మాత్రం కట్టె కొట్టె తెచ్చె అని తేల్చేస్తారు. అసలు కథంతా అక్కడే కదండీ ఉంది.

అందుకని అదే కథ, జరిగితే ఎలా జరుగుతుందో అలా చెప్తా.

ఫోన్ పోయింది. రిపేర్ చేసేవాడు విప్పి చూసి బోర్డు పోయిందన్నాడు. డిస్‌ప్లే ఒక్కటే పోతే ఆశ ఉంటుంది, కాల్ చేస్తే లోపల మోగుతుంది, వైబ్రేట్ అవుతుంది, స్క్రీన్ మారిస్తే చాలు. ఇది ఉలకదు పలకదు. అప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉండే మావయ్య ముందుకొస్తాడు. "లోపల మెమరీ చిప్ ఉంటుందిరా, అది పీకి ఇంకో ఫోన్‌లో పెట్టించు, అంతే." మావయ్య కాలం ఫోన్లకి అది కొంతవరకు నిజమే. ఇప్పటి ఫోన్లలో లోపలి డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాని తాళం ఆ బోర్డు మీదున్న ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. చిప్ ఒక్కటే పీకి తెచ్చుకుంటే చేతికొచ్చేది అర్థం కాని గజిబిజి. బోర్డునే బాగుచేసి ఆ ఫోన్‌ని మళ్ళీ లేపగలిగితే తప్ప దారి లేదు. ఈ సంగతి మావయ్యకి చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు, కథలో ఓ పూట ఇలా గడుస్తుంది.

ఇక క్లౌడ్. క్లౌడ్ అంటే ఫోన్‌లో ఉన్నదంతా తనంతట తాను పైకెళ్ళి కూర్చునే స్వర్గం అని మన కథకుల నమ్మకం. అంత సీన్ లేదు. ఫొటోల యాప్ ఫొటోలూ వీడియోలే తీసుకెళ్తుంది, ఉత్త ఆడియో ఫైలుని ముట్టుకోదు. ఆండ్రాయిడ్ మామూలు బ్యాకప్ సెట్టింగ్స్, కాంటాక్ట్స్, మెసేజ్‌ల లాంటివి చూసుకుంటుంది, యాప్ డేటా అయితే ఒక్కో యాప్‌కి 25 ఎంబీ దాకానే. వాయిస్ రికార్డర్‌లో సేవ్ అయిన ఫైళ్ళు సాధారణంగా ఫోన్ స్టోరేజ్‌లో ఓ ఫోల్డర్‌లో పడుంటాయి, ఎవరో పనిగట్టుకుని డ్రైవ్‌లో పెడితే తప్ప అక్కడే ఉండి ఫోన్‌తోనే పోతాయి.

మరి మన కథలో దొరికినవేంటి? వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు. అమ్మమ్మకి టైపింగ్ రాదు, రాదు కాబట్టి మైక్ గుర్తు నొక్కి పట్టుకుని అందరికీ మాట్లాడేది. ఫోన్ కొన్న రోజు మనవడు త్వరగా వదిలించుకుందామని అన్నిటికీ ఓకే ఓకే కొట్టుకుంటూ పోయాడు, ఆ ఓకేల్లో గూగుల్ అకౌంట్‌కి రోజూ బ్యాకప్ అన్నది కూడా ఉంది. ఇంట్లో వైఫై ఉంది. అమ్మమ్మ ఫోన్‌ని చార్జర్‌కి పెట్టి పడుకుంటే ఎవరి ప్రమేయం లేకుండా అర్ధరాత్రి దాటాక అది తన పని చేసుకుపోయింది. ఈ మొత్తం వ్యవహారంలో కుటుంబ సభ్యుల కృషి సున్నా అని రికార్డు కోసం రాసుకోవాలి.

దింపుకోవడం ఇంకో ఘట్టం. కొత్త ఫోన్‌లో అమ్మమ్మ గూగుల్ అకౌంట్ ఉండాలి, వాట్సాప్‌కి అమ్మమ్మ నంబరే ఉండాలి, రెండూ అవే ఉంటేనే బ్యాకప్ కనిపిస్తుంది. పాస్‌వర్డ్ అమ్మ డైరీ చివరి పేజీలో దొరికింది, కొడితే గూగుల్ చాలా మర్యాదగా "మీ పాత ఫోన్‌లో యెస్ నొక్కండి" అంది. బోర్డు పోయిన ఫోన్‌లో. వేరే దారి చూపించమని అడిగితే నంబర్‌కి కోడ్ పంపిస్తానంది. అంటే సిమ్. మావయ్య అంతకు వారం ముందే "పోయిన మనిషి నంబర్‌కి రీచార్జ్ ఎందుకే" అని అడిగాడు, అమ్మ వినిపించుకోకుండా చేయించింది. లేకపోతే నంబర్ ఆగిపోయేది, కొన్నాళ్ళకి ఇంకెవరికో వెళ్ళిపోయేది, కోడ్‌లన్నీ ఆ మహానుభావుడికే పోయేవి. విమర్శకుడిగా నా తీర్పు ఏంటంటే ఈ కథకి హీరో మనవడు కాదు, అమ్మ. కిటికీ దగ్గర ఆవిణ్ణి నిలబెట్టాల్సింది.

విలన్ కూడా ఉన్నాడు. వాట్సాప్ వేసి నంబర్ కొట్టాక ఓ స్క్రీన్ వస్తుంది, ఫలానా తేదీ బ్యాకప్ దొరికింది, ఇంత సైజు, రీస్టోర్ చేయాలా అని. కింద స్కిప్ అని చిన్నగా. మన బావ వేలు ప్రపంచంలో ఏ స్క్రీన్‌లో అయినా ముందు స్కిప్ మీదకే పోతుంది, అలవాటు. నొక్కేస్తే వెంటనే కొంపేమీ మునగదు, యాప్ తీసేసి మళ్ళీ వేసుకుంటే ఆ ప్రశ్న మళ్ళీ అడుగుతుంది. కానీ అలా తీయకుండా "ఖాళీగా ఉందేంట్రా" అనుకుంటూ వదిలేస్తే, బ్యాకప్ ఆన్ అయి ఉంటే ఆ రాత్రి కొత్త ఫోన్ బుద్ధిగా ఖాళీ చాట్‌లకి బ్యాకప్ తీసి పాతదాని మీద రాసేస్తుంది. పాత కాపీ అంటూ వేరే ఉండదు. అమ్మమ్మ రెండోసారి పోవడానికి ఒక్క రాత్రి చాలు, దాన్ని క్లైమాక్స్ చేసుకోకుండా కిటికీ పట్టుకుని వేలాడే రచయితలకి ఏం చెప్పాలి.

ఈ కథలో అమ్మ టైమ్‌కి చెయ్యి పట్టుకుని లాగింది కాబట్టి రీస్టోరే నొక్కారు. ముందు రాతలు వచ్చాయి, వాయిస్‌లు ఇంకా డౌన్‌లోడ్ అవుతున్నాయి, ప్లే నొక్కితే రావట్లేదని ఇంటిల్లిపాదీ అరగంట ఏడ్చారు, వైఫై దగ్గర వదిలేస్తే ఒక్కోటీ దిగాయి. PTT-20210614-WA0007.opus లాంటి పేర్లు, మధ్యలో ఉన్నది తేదీ, కాబట్టి ఏ రోజు ఎవర్ని తిట్టిందో వరసగా పెట్టుకోవచ్చు. వినిపించినవి: "ఇది మాట్లాడుతోందా లేదా", దగ్గు, "ఫోనెత్తవేరా వెధవా", పక్క గదిలో టీవీ, ఇంకో దగ్గు, మావయ్య మీద ఫిర్యాదు పూర్తి నిడివితో. మనవడు పద్ధతిగా కూర్చోబెట్టి ఆవిడ చిన్నతనం గురించి గంటసేపు తీసుకున్న ఇంటర్వ్యూ ఉంది చూశారూ, అది ఆ ఫోన్‌లోనే వాయిస్ రికార్డర్ యాప్‌లో ఉండేది. అది పోయింది. ఎడిటర్లు ఈ ముక్క కొట్టేయమంటారు, పాఠకుడి మూడ్ పాడవుతుందట.

తర్వాత కుటుంబమంతా సమావేశమై ఇక మీదట భద్రత ముఖ్యం అని తీర్మానించింది. ఆ ఫైళ్ళని ఇంకో చోటికి కాపీ చేసుకుంటే సరిపోయేది, అది మరీ తేలిగ్గా ఉందనుకున్నారేమో, బావ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బ్యాకప్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేశాడు. మామూలు పాస్‌వర్డ్ కాదు, 64 అక్షరాల కీ ఎంచుకున్నాడు. అది పోతే వాట్సాప్‌ వాళ్ళు కూడా తెరవలేరు, ఆ ముక్క స్క్రీన్ మీదే రాసి ఉంటుంది. అందుకే చాలా జాగ్రత్తగా స్క్రీన్‌షాట్ తీసి దాచాడు. అదే ఫోన్‌లో.