పార్కు స్థలం పోతోంది సరే, పిల్ వేయడానికి మనమెవరం?

విశాఖలో మధురవాడ, పెందుర్తి వైపు లేఅవుట్లలో ఉండేవాళ్లతో కాసేపు కూర్చుంటే ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. "పార్కు జాగాలో ఎవరో షెడ్డు లేపేశారండీ, హైకోర్టులో పిల్ పడేద్దామా?" వెంటనే పక్కాయన అందుకుంటాడు, "ఆ జాగా మన పేరు మీద లేదు కదా, కోర్టు మనల్ని గుమ్మం ఎక్కనిస్తుందా?" నన్నడిగితే ఆయన టెన్షన్ పడాల్సింది దీనికి కాదు. స్థలం మనది కాకపోయినా కోర్టుకెళ్లొచ్చన్నది ఏనాడో తేలిపోయింది.

బెంగళూరులో అచ్చం ఇలాంటిదే జరిగింది. లేఅవుట్ ప్లానులో పార్కుకని వదిలిన స్థలాన్ని ముఖ్యమంత్రి చెప్పారని ఒక ప్రైవేటు ట్రస్టుకి ఆస్పత్రి కట్టుకోమని ఇచ్చేశారు. ఆ కాలనీవాసులు కోర్టుకెళ్తే ఎదుటివాళ్ల వాదనల్లో ఒకటి ఇదే, మీకేం నష్టం జరిగిందని వచ్చారు అని. 1991లో సుప్రీంకోర్టు (బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు) ఆ వాదనను పక్కన పెట్టేసింది. పార్కు పోతే ఆ చుట్టుపక్కల బతికేవాళ్లకే నష్టం, వాళ్లు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు అన్నట్టుగా చెప్పి, ఆ కేటాయింపు చెల్లదంది. మన ఉమ్మడి విశాఖ జిల్లా సంగతే చూడండి. అనంతగిరి మండలంలో గిరిజన భూములను గనుల లీజుకి ఇవ్వడంపై కోర్టుకెక్కింది ఆ భూముల యజమానులు కాదు, సమత అనే స్వచ్ఛంద సంస్థ. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1997లో గెలిచింది.

మరి పిటిషన్లు ఎక్కడ బోల్తా పడతాయి? చాలావరకు ఆలస్యం దగ్గర. ఇదీ బెంగళూరు కథే. కోరమంగళలో ఒక అపార్టుమెంటు మీద అక్కడి నివాసుల సంఘం పిల్ వేసింది, హైకోర్టులో నెగ్గింది కూడా. కానీ 2005లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కట్టడం అంత దూరం వెళ్లేదాకా ఊరుకుని అప్పుడొస్తే, ఈలోపు డబ్బు పెట్టినవాళ్ల సంగతేంటన్నది ప్రశ్న. ప్రజల కోసం వచ్చాం కాబట్టి ఎప్పుడొచ్చినా పర్లేదు అనుకోవడానికి లేదన్నమాట. మనవాళ్లేమో పునాది తవ్వినప్పుడు వాట్సాప్ గ్రూపులో తిట్టుకుని, రెండో శ్లాబు పడ్డాక లాయరు దగ్గరికి పరిగెడతారు.

రెండోది, అసలు కారణం దాచడం. ఆ షెడ్డు వల్ల మీ ఇంటి దారే మూసుకుపోయిందనుకోండి, అది మీ సొంత గొడవ, మీ పేరు మీద మామూలు రిట్ వేసుకోండి, ఎవరూ కాదనరు. దానికే ప్రజాప్రయోజనం అని ముసుగేసి పిల్ వేస్తే, ఎదుటి లాయరు ఆ దారి గొడవ బయటపెట్టిన రోజే మీ పని అయిపోతుంది. పిల్ వేసేవాడు తనకు సొంత లాభం లేదని అఫిడవిట్ ఇస్తాడు, అది అబద్ధమని తేలితే కేసు పోవడమే కాకుండా ఖర్చులు కూడా మీద పడొచ్చు. వ్యాపార పోటీ ఉన్నవాళ్ల పరిస్థితీ అంతే. గుజరాత్‌లో ఒక సినిమాహాలు యజమాని, ఇంకో హాలుకి అనుమతి ఇచ్చారని కోర్టుకెళ్తే, నీ కలెక్షన్ తగ్గడం చట్టం పట్టించుకునే నష్టం కాదని 1976లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

మరో చిక్కు కూడా ఉంది, ఒకే విషయాన్ని రెండు చోట్ల నడపడం. రుషికొండ తవ్వకాలపై హైకోర్టులో పిల్స్ ఉండగానే ఒక ఎంపీ లేఖతో గ్రీన్ ట్రైబ్యునల్ కూడా విచారణ మొదలుపెట్టింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ట్రైబ్యునల్ విచారణను ఆపేసి, ఏదున్నా హైకోర్టులోనే తేల్చుకోమంది. ఆ పిల్స్ వేసినవాళ్లలో రాజకీయ నాయకులున్నా, కేసు నిలబడటానికి అది అడ్డు కాలేదు.

కాబట్టి ఆ కాలనీవాళ్లు ముందు చేయాల్సింది, ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవడం. తర్వాత మున్సిపల్ కమిషనర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి, ఫొటోల మీద తేదీ ఉండాలి. అధికారిని అడగకుండా నేరుగా హైకోర్టుకెళ్తే, ముందు వాళ్లనడిగారా అన్నదే తొలి ప్రశ్న అవుతుంది. అడిగామని చెప్పి మళ్లీ ఏడాది కూర్చున్నా మొదటికే మోసం.

ఇంత చేశాక కూడా ఒక దెబ్బ మిగిలే ఉంటుంది. షెడ్డు వేసినాయన, ఇది పార్కు కాదు, నేను కొనుక్కున్న ప్లాటు అని రిజిస్టర్డ్ డాక్యుమెంటు పెడతాడు. స్థలం ఎవరిదన్న తగాదాలో సాక్షులను విచారించాలి, ఆ పని రిట్‌లో సాధారణంగా చేయరు, సివిల్ కోర్టుకి పొమ్మంటారు. లేఅవుట్ వేసిన డెవలపర్ ఆ ఖాళీ స్థలాన్ని మున్సిపాలిటీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ కాపీ మీ పిటిషన్‌తో జతచేసి ఉంటే మాత్రం, తగాదా ఉందన్న ఆయన మాటకే పెద్దగా బలం ఉండదు.