వణుకు జబ్బు మాత్రలు, స్టీరింగ్ మీద నిద్ర

"పార్కిన్సన్స్ మాత్రలు నిద్రమాత్రలు కావు. కొత్తలో ఓ వారం మగతగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. నిద్ర వచ్చేలా ఉంటే ఆవలింతలతో ముందే తెలుస్తుంది, బండి పక్కకు ఆపుకుంటే చాలు. అంత భయమైతే ప్రయాణం రోజు మాత్ర మానేయండి."

శ్రీకాకుళంలో మా బంధువుల గ్రూపులన్నిటిలో తిరుగుతున్న సందేశం ఇది. మా చిన్నాన్నకు ఈ జబ్బు ఉంది, కారు ఆయనే నడిపేవారు. అందుకే దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను.

నిద్రమాత్రలు కావన్న మాట నిజమే, కానీ దాన్నిబట్టి నిద్ర రాదనుకోకూడదు. ఈ జబ్బులో మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతుంది. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు డోపమైన్‌లా పనిచేసి ఆ లోటు తీరుస్తాయి. చేతులూ కాళ్లూ తేలికపడతాయి, కానీ మెలకువను నిలిపే వ్యవస్థ మీద కూడా ఆ ప్రభావం పడుతుంది. జబ్బు వల్ల ఆ వ్యవస్థ అప్పటికే కొంత బలహీనపడి ఉంటుంది. ఇదే జబ్బుకు వాడే లెవోడోపాతోనూ నిద్ర రావచ్చు గానీ, ఎక్కువగా భయపడాల్సింది ప్రామిపెక్సోల్, రోపినిరోల్ విషయంలో. రాత్రిపూట కాళ్లు లాగే జబ్బుకు కూడా ఇవే మందులు రాస్తారు, కాబట్టి స్ట్రిప్ వెనక మందు పేరు చూసుకోండి.

వారంలో అలవాటవుతుందన్నది మాత్రం ప్రమాదకరమైన మాట. ప్రామిపెక్సోల్ మొదలుపెట్టిన ఏడాదికి కూడా ఉన్నట్టుండి ముంచుకొచ్చే నిద్ర మొదటిసారి వచ్చినవాళ్లున్నారు. చిన్నాన్నకు ఏడు నెలలు ఏమీ కాలేదు. ఎనిమిదో నెలలో డోసు పెంచారు. ఆ తర్వాత ఒక రాత్రి అన్నం కలుపుతూ, చెయ్యి కంచంలో ఉండగానే తల వాల్చేశారు. పొద్దున్న తొందరగా లేచారు కదా, అలసట అనుకున్నాం.

పదిరోజులకు విశాఖ వెళ్తుండగా, రణస్థలం దాటాక కారు మెల్లగా కుడికి జరిగి డివైడర్‌ను రాసుకుంది. పక్కన కూర్చున్న పిన్ని అరిస్తే గానీ ఆయన కాలు బ్రేకు మీదికి వెళ్లలేదు. "నాను నిద్రోలేదే, కళ్లు తెరిచే ఉన్నాను" అని ఆమెతో వాదించారు. ఆయన అబద్ధం చెప్పలేదు. క్షణాల నిద్ర చాలాసార్లు నిద్రపోయినవాళ్లకే గుర్తుండదు.

ఆవలింతల మాటకు జవాబు ఇందులోనే ఉంది. ఈ సమస్యను 1999లో మొదట గట్టిగా బయటపెట్టిన అమెరికా వైద్యులు, ఈ మందులు వాడుతూ స్టీరింగ్ ముందు నిద్రపోయి ప్రమాదం చేసిన ఎనిమిది మంది గురించి రాశారు. వాళ్లలో ఐదుగురికి ముందుగా ఏ సూచనా లేదు. మందు ఆపాక ఆ నిద్ర ఆగింది.

అయితే అసలు సూచనే లేకుండా నిద్ర పడటం అరుదు. 2002లో కెనడాలో 638 మంది పార్కిన్సన్స్ రోగులను పరిశీలిస్తే, వాళ్లలో బండి నడిపేవాళ్లలో స్టీరింగ్ ముందు నిద్రపోయినవాళ్లు నూటికి నలుగురి లోపే, ఏ సూచనా లేకుండా నిద్రపోయినవాళ్లు నూటికి ఒక్కరి కంటే తక్కువ. చాలామందిలో పగటి మగత ముందునుంచే ఉంటుంది, కాకపోతే అది ఒక్కోసారి తమకు తెలియదు, ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. కాబట్టి అడగాల్సింది వాళ్లనే. టీవీ ముందు, ఎవరితోనో మాట్లాడుతూ, సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు కునుకు పడుతోందా? ఎప్‌వర్త్ అనే ఎనిమిది ప్రశ్నల పరీక్ష అడిగేది ఇలాంటివే. డాక్టర్ దగ్గరికి రోగి ఒక్కరే కాకుండా, ఆయనతో ఉండేవాళ్లు కూడా వెళ్లాలి.

ఇక ప్రయాణం రోజు మాత్ర మానేయమన్న సలహా. ప్రామిపెక్సోల్ సగం ఒంట్లోంచి పోవడానికే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. పొద్దుటి మాత్ర మానేసినా రాత్రి వేసుకున్నది ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. మరోపక్క ఒళ్లు బిగుసుకుపోవడం మొదలై బ్రేకు తొక్కే కాలు నెమ్మదిస్తుంది. అంటే నిద్ర ముప్పు పోకుండానే ఇంకో ముప్పు తెచ్చుకున్నట్టు. మందు మొత్తానికే ఒక్కసారిగా ఆపేస్తే విపరీతమైన ఆందోళన, కొందరిలో తీవ్ర జ్వరం, కండరాల బిగువు, అయోమయం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

ఒక్కసారి కునుకు పడినా అక్కడితో డ్రైవింగ్ ఆపాలి, మందు మాత్రం ఆపకూడదు. వెంటనే డాక్టర్‌కు చెబితే డోసు మెల్లగా తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు. జలుబు మాత్రలు, నిద్రమాత్రలు, మద్యం ఈ మగతను పెంచుతాయి, కాబట్టి వాటి సంగతీ దాచకుండా చెప్పాలి.

చిన్నాన్నకు కొన్ని వారాల్లో డోసు తగ్గించారు. వణుకు కొంచెం పెరిగింది, కునుకు ఆగింది. డాక్టర్ ఇంకా డ్రైవింగ్‌కు ఒప్పుకోలేదు. ఇప్పుడు విశాఖకు కాంప్లెక్స్‌లో బస్సెక్కి వెళ్తున్నారు, పక్క సీట్లో పిన్ని ఆయన్నే గమనిస్తూ కూర్చుంటుంది.