ఎన్ని కౌంటర్లు తెరిచారో అడగని రిపోర్టు

రిటైల్ కంపెనీలు మామూలు కస్టమర్లలా వెళ్లి దుకాణాన్ని గమనించే మిస్టరీ షాపర్లను పంపి, వాళ్ల రిపోర్టుల ఆధారంగా సిబ్బందికి మార్కులు వేయడం పాత పద్ధతే. పలకరింపు, వస్తువు మీద అవగాహన, బిల్లింగ్, శుభ్రత అని నాలుగు పద్దులు. ప్రతిదానికీ అవును, కాదు అనే గడులు, చివర ఒక శాతం. చాలా ఫారాల్లో సేల్స్‌మన్ బ్యాడ్జి మీద పేరు రాయడానికి గడి ఉంటుంది. ఆ సమయానికి ఫ్లోర్ మీద ఎంతమంది పనిచేస్తున్నారో రాయడానికి మాత్రం తరచుగా ఉండదు. నా అభ్యంతరమంతా అక్కడే.

ఎలక్ట్రిక్ కెటిల్ కొనే షాపర్‌గా ఒకరిని పంపారనుకుందాం. 6:42కి లోపలికి వెళ్లారు, 6:46కి గానీ ఎవరూ మాట కలపలేదు. కంపెనీ నియమం ముప్పై సెకన్లు. కాబట్టి ‘పలకరించలేదు’ అని గడి నింపి, కింద ‘సిబ్బంది నిర్లక్ష్యంగా ఉన్నారు’ అని ఒక వాక్యం రాసేస్తారు. ఆ వాక్యం పరిశీలన కాదు, తీర్పు. అదే షాపర్ ‘ఆ విభాగంలో ఒక్కడే సేల్స్‌మన్ ఉన్నాడు, ఇద్దరు కస్టమర్లకు మిక్సీలు చూపిస్తున్నాడు, 6:43కి నన్ను చూసి తలూపాడు, 6:46కి నా దగ్గరికొచ్చాడు’ అని రాస్తే చదివే మేనేజర్ ముందు వేరే దుకాణం కనిపిస్తుంది. పలకరింపు ఆలస్యమైన మాట నిజమే. కానీ తప్పు ఎవరిదనే ప్రశ్నకు జవాబు మారిపోయింది.

అవగాహన పద్దులో జరిగే అన్యాయం ఇంకా పెద్దది. కెటిల్‌లో ఎన్ని లీటర్లు పడతాయని అడిగితే అట్టపెట్టె చూసి ఎవరైనా చెప్తారు. అందుకే అనుభవమున్న షాపర్ పెట్టె మీద లేనిదొకటి అడుగుతాడు: ‘నీళ్లు పోయకుండా పొరపాటున స్విచ్ వేస్తే ఏమవుతుంది?’ ఒక సేల్స్‌మన్ ‘ఏం కాదండీ, అన్ని కెటిళ్లూ ఆగిపోతాయి’ అని తడుముకోకుండా చెప్పాడు. ఇంకొకడు ‘ఈ మోడల్ సంగతి నాకు తెలీదండీ, కనుక్కుని చెప్తాను’ అని వెళ్లి, మాన్యువల్ తెచ్చి ఆ పేజీ చూపించాడు. నీళ్లు మరిగాక ఆగడం వేరు, ఖాళీగా ఉన్నప్పుడు ఆగడం వేరు. రెండో రక్షణ ఉందో లేదో మోడల్‌వారీగా చూసుకోవాల్సిందే. మొదటివాడు చెప్పింది తప్పు. అయినా ‘ప్రశ్నకు వెంటనే, ధీమాగా సమాధానమిచ్చారా?’ అనే గడిలో అతనికి అవును, రెండోవాడికి కాదు. షాపర్ ముందే సరైన జవాబు తెలుసుకుని వెళ్లకపోతే ధీమానే జ్ఞానంగా నమోదవుతుంది. అడిగిన ప్రశ్ననూ వచ్చిన జవాబునూ మాటల్లోనే రాస్తే తప్ప ఈ తేడా బయటపడదు.

గడులు లేకపోతే వంద శాఖలను పోల్చేదెలా అని అడిగేవాళ్లున్నారు. షాపర్లను సొంత మాటల్లో రాయమంటే ఎవరి అభిరుచి వాళ్లు రాస్తారన్నది వాళ్ల భయం. న్యాయమైన భయమే. గడులు ఉండనివ్వండి. కానీ ప్రతి ‘కాదు’ పక్కనా టైమూ, విన్న మాటా, కనిపించిన పరిస్థితీ రాయనిదే రిపోర్టు తీసుకోకూడదు. ఇవి అభిరుచి మీద ఆధారపడేవి కావు.

శుభ్రత గురించి ఒక్క సలహా చాలు. బిల్లింగ్ దగ్గర చిరాకుపడ్డ మనిషికి నేల కూడా మురికిగానే గుర్తుంటుంది. అందుకని బయటికి రాగానే శుభ్రత భాగమే ముందు నింపాలి, అదీ ‘బాలేదు’ అని కాదు, ‘రెండో వరుస కింది అరలో దుమ్ము, ట్రయల్ రూమ్ నేల మీద హ్యాంగర్లు’ అని.

ఇక బిల్లింగ్. షెల్ఫ్ మీది ధరే బిల్లులో పడిందా, ఆఫర్ తగ్గింపు బిల్లులో వచ్చిందా, బిల్లు అడగకుండా ఇచ్చారా అన్నవి బిల్లూ, ధర చీటీ పక్కపక్కన పెడితే తేలిపోతాయి. గొడవంతా క్యూ దగ్గర. మన కెటిల్ షాపర్‌కు క్యూలో నిలబడ్డప్పటి నుంచి మొదటి వస్తువు స్కాన్ అయ్యేదాకా పదకొండు నిమిషాలు పట్టింది. క్యాషియర్ తల ఎత్తలేదు, ‘థ్యాంక్యూ’ అనలేదు. ఫారం ప్రకారం మర్యాద సున్నా. ఉన్న మూడు కౌంటర్లలో తెరిచింది ఒక్కటే అని ఎక్కడా నమోదు కాలేదు. ఆ అమ్మాయి వెనక ఎంతమంది నిలబడ్డారో కూడా లేదు.

మన సంస్థలన్నిటికీ ఈ జబ్బుంది. కొలత ఎప్పుడూ కింది మెట్టు మీద ఉన్నవాళ్లకే. ఆసుపత్రిలో నర్సు ముఖం చిట్లించిందని ఫిర్యాదు పుస్తకంలో రాయొచ్చు, వార్డుకు ఒక్క నర్సునే వేసిన నిర్ణయానికి ఆ పుస్తకంలో పేజీ ఉండదు. కాల్ సెంటర్లో గొంతుకు మార్కులు పడతాయి, నలభై నిమిషాలు లైన్లో ఉంచిన ఏర్పాటుకు పడవు. మనిషి పేరు రాయడం తేలిక, డ్యూటీ చార్టు పేరు రాయడం కష్టం. చార్టు వేసినవాడే రిపోర్టు తెప్పించుకుంటాడు కాబట్టి ఈ తేడా యాదృచ్ఛికం అనుకోలేను.

షాపర్ చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. ఫారం అడగకపోయినా వ్యాఖ్యల గడిలో మూడు అంకెలు రాయొచ్చు: ఫ్లోర్ మీద సిబ్బంది, కస్టమర్లు, తెరిచిన కౌంటర్లు. అవి వచ్చాక ప్రాంతీయ మేనేజర్ చేయాల్సిన మొదటి పని ఆ క్యాషియర్‌కు మెమో ఇవ్వడం కాదు, 6:42కి డ్యూటీ చార్టులో ఎంతమంది పేర్లున్నాయో తెప్పించి చూడటం. మెమో సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.