పాతిక యూరోలు ఎటు పోయాయి?

జర్మనీ చదువులకి పిల్లల్ని పంపే ఇళ్లలో ఈ సీను నడుస్తూనే ఉంటుంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, ఏడాది ఖర్చు చూపించాలి, నెలకి 992 చొప్పున మొత్తం 11,904 యూరోలు, 2024 సెప్టెంబర్ నుంచి ఇదే లెక్క. తండ్రి బ్యాంకుకి వెళ్లి విదేశానికి డబ్బు పంపే ఫారం A2 నింపి, పది చోట్ల సంతకాలు పెట్టి, సరిగ్గా 11,904 పంపుతాడు. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, చేతికి స్లిప్ వస్తుంది, అందులో కూడా 11,904 అనే ఉంటుంది. నాలుగు రోజులకి ఆ ఖాతా చూసే సంస్థ నుంచి మెయిల్: మాకు అందింది 11,879, మిగతాది వస్తే గానీ సర్టిఫికెట్ ఇవ్వలేం.

ఇక టెన్షన్ మొదలు. బ్యాంకుకి వెళితే "మేం మొత్తం పంపాం సార్, ఇదిగో చూడండి" అంటారు. అటువాళ్లని అడిగితే "మాకు వచ్చింది ఇంతే" అంటారు. తండ్రికి ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారనిపిస్తుంది. నిజానికి ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఆ పాతిక పోయింది మధ్య దారిలో. ఆ దారి ఒకటుందని, అక్కడ కోత పడొచ్చని కౌంటర్ దగ్గర ముందే ఒక్క మాట చెప్పకపోవడం మీదే మా ఫిర్యాదు.

ముందు ఆ దారి ఏంటో చూద్దాం. మనం "డబ్బు పంపాం" అంటాం గానీ ఇక్కణ్ణుంచి నోట్లేమీ విమానం ఎక్కవు. వెళ్లేది ఒక సందేశం, స్విఫ్ట్ అనే బ్యాంకుల నెట్‌వర్క్ మీద. మన బ్యాంకుకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏదో ఒక పెద్ద బ్యాంకు దగ్గర యూరోల ఖాతా ఉంటుంది, దాన్ని నోస్ట్రో ఖాతా అంటారు. మన బ్యాంకు ఆ పెద్ద బ్యాంకుకి "నా ఖాతాలోంచి ఇంత తీసి ఫలానా బ్యాంకులోని ఫలానా ఖాతాకి చేర్చు" అని రాస్తుంది. ఆ పెద్ద బ్యాంకుకీ చివరి బ్యాంకుకీ నేరుగా లావాదేవీలు ఉంటే అక్కడితో సరి, లేకపోతే మధ్యలో ఇంకో బ్యాంకు దూరుతుంది. ఈ మధ్యవాళ్లెవరూ ఊరికే చెయ్యరు. ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలి అన్న ప్రశ్నకి జవాబు ఆ సందేశంలోనే మూడక్షరాల్లో ఉంటుంది.

SHA అంటే పంచుకోవడం. పంపేవాడు తన బ్యాంకు ఛార్జీ మాత్రం కడతాడు, ఆ తర్వాత దారిలో ఎవరు తీసుకున్నా వెళ్తున్న సొమ్ములోంచే తీసుకుంటారు. BEN అంటే అన్ని ఛార్జీలూ అందుకునేవాడివే, పంపే బ్యాంకు కూడా తన ఛార్జీని ఆ సొమ్ములోంచే కోసుకోవచ్చు. OUR అంటే అన్నీ పంపేవాడివే, సొమ్ము మాత్రం నిండుగా చేరాలి. మామూలుగా ఫారంలో "విదేశీ బ్యాంకు ఛార్జీలు ఎవరివి" అన్న అర్థంతో ఒక చిన్న గడి ఉంటుంది, మన తండ్రి చూడనే చూడలేదు. చాలాచోట్ల గడి ఖాళీగా వదిలేస్తే SHA కింద వెళ్తుంది, యాప్‌లో అయితే ముందే SHA ఎంచి పెట్టి ఉంటుంది. పాపం ఆయన తప్పేముంది, డబ్బు ఎందుకు పంపుతున్నామో చెప్పే పర్పస్ కోడ్ ఏం రాయాలో తెలుసుకునేసరికే గంట పట్టింది.

ఇప్పుడు మన 11,904 వెంట నడుద్దాం. ఛార్జీలు ఉదాహరణకి వేసుకున్నవే, బ్యాంకుని బట్టి మారతాయి. 2025 నవంబర్ దాకా వాడిన పాత రూపంలో, మన బ్యాంకు రాసిన సందేశంలో మనకి కావలసిన మూడు లైన్లు ఇలా ఉండేవి:

```
:32A:250610EUR11904,
:33B:EUR11904,
:71A:SHA
```

మొదటి లైన్ తేదీ, బ్యాంకుల మధ్య నిజంగా మారే సొమ్ము. రెండోది పంపినవాడు పంపమన్న సొమ్ము. మూడోది ఛార్జీల సంగతి. ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకు తన 15 యూరోలు తీసుకుని చివరి బ్యాంకుకి కొత్తగా రాసేటప్పుడు అదే సందేశం ఇలా అవుతుంది:

```
:32A:250610EUR11889,
:33B:EUR11904,
:71A:SHA
:71F:EUR15,
```

చూశారుగా, 33B కదల్లేదు, 32A తగ్గింది, ఎంత తగ్గిందో 71F చెబుతోంది. చివరి బ్యాంకు విదేశాల నుంచి వచ్చిన సొమ్ము జమ చేసినందుకు తన 10 తీసుకుంది, మిగిలింది 11,879. ఈ చివరి కోత సందేశంలో కనపడదు, అందుకున్నవాడి స్టేట్‌మెంట్‌లోనే ఉంటుంది. తండ్రి చేతిలో ఉన్న స్లిప్ మొదటి సందేశానికి కాపీ, దాంట్లో కోత కనపడాలన్నా కనపడదు, ఎందుకంటే అది రాసినప్పటికి కోత ఇంకా జరగలేదు.

(2025 నవంబర్ నుంచి బ్యాంకులు ఈ పాత MT103 రూపాన్ని వదిలి pacs.008 అనే కొత్త రూపానికి మారాయి. అందులో SHA బదులు SHAR, OUR బదులు DEBT, BEN బదులు CRED అని రాస్తారు. పేర్లు మారాయి గానీ కోత పద్ధతి అదే.)

అసలు బాధ ఇక్కడితో ఆగదు. తక్కువైంది పాతికే కదా, ఇంకో పాతిక పంపేద్దాం అనుకుంటాడు తండ్రి. ఆ పాతికా అదే దారిలో వెళ్తుంది, దాంట్లోంచీ 15, ఆ తర్వాత 10, చేరేది సున్నా. ఛార్జీ చాలాసార్లు సొమ్ముని బట్టి కాదు, సందేశాన్ని బట్టి, కాబట్టి పన్నెండు వేలకి ఎంత తీసుకుంటారో పాతికకీ అంతే తీసుకోవచ్చు. పైగా ఇక్కడి బ్యాంకు ఛార్జీ, దాని మీద జీఎస్టీ మళ్లీ కొత్తగా. పాతిక అక్కడికి చేరాలంటే యాభై పంపాలి, లేదా ఈసారైనా OUR పెట్టాలి. ఇదంతా అర్థమయ్యేలోపు వారం గడుస్తుంది, చేతిలో ఉన్న వీసా అపాయింట్‌మెంట్ తేదీ దగ్గరపడుతుంది.

మరి అందరూ OUR పెట్టేస్తే పోదా? చాలావరకు పోతుంది, పూర్తిగా కాదు. OUR పెడితే మన బ్యాంకు విదేశీ ఛార్జీల కింద కొంత సొమ్ము ముందే రూపాయల్లో తీసుకుంటుంది. మధ్యవాళ్లు సొమ్ముని ముట్టుకోకుండా పంపి, తర్వాత తమ బిల్లు మన బ్యాంకుకి పెట్టాలి, దానికి వేరే సందేశమే ఉంది. ఇబ్బంది ఎక్కడంటే దారిలో రెండో మూడో బ్యాంకుకి మన బ్యాంకుతో ఏ ఒప్పందమూ ఉండదు, ఎప్పుడో వచ్చే పది యూరోల కోసం ఉత్తరాలు రాసుకునే బదులు చేతికందిన సొమ్ములోంచే తీసుకోవడం దానికి తేలిక. అమెరికా వైపు డాలర్లు పంపేవాళ్లకి ఇది బాగా అనుభవం, OUR అని పెట్టినా యూనివర్సిటీ ఖాతాకి ఇరవై డాలర్లు తక్కువగా చేరిందని వినే ఉంటారు. అందుకే మన ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకులా మధ్యలో ఉండే పెద్ద కరెస్పాండెంట్ బ్యాంకులు కొంత ఎక్కువ ఛార్జీకి పూర్తి సొమ్ము చేరుతుందన్న హామీతో వేరే సర్వీసు పెట్టాయి. మన బ్యాంకుల్లోనూ ఇది కొన్ని చోట్ల దొరుకుతుంది. అడగాలి. అడగనివాడికి చెప్పరు, మా బాధ అదే.

యూరప్‌లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి యూరోలు పంపేవాడికి ఈ గొడవ లేదు. అక్కడి చెల్లింపుల చట్టం పీఎస్‌డీ2 ప్రకారం దారిలో ఉన్న బ్యాంకులు సొమ్ముని కొయ్యకూడదు, చివరి బ్యాంకు తన ఖాతాదారుతో ఒప్పుకున్న ఛార్జీ తీసుకున్నా అది వేరుగా చూపించాలి. కానీ పంపే బ్యాంకు యూరప్ బయట ఉంటే ఈ పూర్తి సొమ్ము నియమం వర్తించదు. అంటే అదే ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకు పారిస్ నుంచి వచ్చిన యూరోలని ముట్టుకోదు, హైదరాబాద్ నుంచి వచ్చినవాటి మీద చెయ్యి వేస్తుంది.

అమెరికా ఇంకో దారి పట్టింది. 2013 అక్టోబర్ నుంచి అక్కడ మామూలు మనిషి విదేశానికి డబ్బు పంపితే, కట్టే ముందే మధ్యవాళ్ల ఛార్జీలు కూడా తీసేసి అవతలివాళ్లకి ఎంత చేరుతుందో కాగితం మీద చూపించాలి. కొన్ని సందర్భాల్లో అంచనా చూపించినా సరిపోతుంది, చివరి బ్యాంకు తీసుకునేది తేడా రావచ్చు, అయినా లెక్క ముందుంటుంది. డాలస్‌లో కొడుకు గుంటూరులో అమ్మకి పంపేటప్పుడు ఆ అంకె కనపడుతుంది. గుంటూరులో అమ్మ డాలస్‌కి ఫీజు పంపేటప్పుడు మాత్రం ఆమె చేతికొచ్చేది పంపిన అంకె ఉన్న స్లిప్పే.

దీనికి పెద్ద సంస్కరణలేమీ అక్కర్లేదు, ఫారంలో రెండు మార్పులు చాలంటాం. ఇప్పుడు ఫారం "ఎంత పంపాలి" అని అడుగుతుంది. దాని పక్కన "అక్కడ ఎంత చేరాలి" అని ఇంకో గడి పెట్టండి, ఆ రెండూ ఒకటే అని రాసిన మనిషికి SHA పెట్టకుండా ఆపండి, పూర్తి సొమ్ము హామీ సర్వీసు ఖరీదు ఎంతో అక్కడే చెప్పండి. ఫీజులకీ బ్లాక్డ్ అకౌంట్‌కీ పంపేవాళ్లలో చాలామంది ఆ వెయ్యో రెండు వేలో సంతోషంగా కడతారు. ఇంటి ఖర్చులకి పంపేవాడు SHA పెట్టుకుంటాడు, అతనికి పది యూరోలు తగ్గినా కొంప మునగదు.

రెండోది ట్రాకింగ్ నంబర్. 2018 నవంబర్ నుంచి ఇలాంటి ప్రతి స్విఫ్ట్ చెల్లింపుకీ UETR అని 36 అక్షరాల గుర్తింపు తప్పనిసరి, దాంతో మన బ్యాంకు తన ట్రాకర్‌లో వెతికితే సొమ్ము ఏ బ్యాంకు దాకా వెళ్లింది, ఎవరు ఎంత తీసుకున్నారు అనేది చాలావరకు కనపడుతుంది. కొరియర్‌లో ఆవకాయ పంపితే ట్రాకింగ్ నంబర్ ఇస్తారు. పన్నెండు లక్షలు పంపినవాడికి అది స్లిప్ మీద అడక్కుండానే అచ్చు వెయ్యడానికి ఏం అడ్డమో మాకు అర్థం కాలేదు. "అటువాళ్లనే అడగండి" అని కౌంటర్ నుంచి తిప్పి పంపడం ఆ ట్రాకర్ చేతిలో పెట్టుకుని చేస్తున్న పని.

అంతవరకూ పంపేవాళ్లకి ఒక మాట. మీరు డబ్బు పంపబోయే సంస్థ రాసిన సూచనలు ముందు చదవండి, కొన్ని సంస్థలు ఛార్జీల కోసం కొంత ఎక్కువే పంపమని, మిగిలితే తిరిగి ఇస్తామని చెబుతాయి. ఖాతా యూరోలదైతే యూరోలే పంపండి. డాలర్లు పంపితే అవి అమెరికా బ్యాంకు మీదుగా తిరిగి, చివర్లో అటువాళ్ల రేటుకి మారతాయి, ఆ తేడా ముందు మీ పాతిక యూరోలు చాలా చిన్నవి. ఇప్పటికే తక్కువ చేరి ఉంటే UETR రాసి "పంపమన్న సొమ్ముకీ బ్యాంకుల మధ్య మారిన సొమ్ముకీ తేడా ఎవరు తీసుకున్నారు" అని మీ బ్యాంకుకి మెయిల్ పెట్టండి. నోటితో అడిగితే భుజాలెగరేస్తారు, ఈ రెండు సొమ్ముల సంగతి రాసి అడిగితే ట్రాకర్ తెరుస్తారు.