వయ్యారిభామ ఏడాదికి ఎంత దూరం నడుస్తుంది?

హన్మకొండ నుంచి పరకాల వెళ్లే దారిలో తొలకరి తర్వాత రోడ్డు అంచున ముందుగా పచ్చబడేది వయ్యారిభామే. మన పల్లెల్లో కాంగ్రెస్ గడ్డి అనే ఈ మొక్క మన దేశంలో 1950వ దశకం మధ్యలో పుణెలో కంటబడింది. అక్కడి నుంచి వరంగల్ సుమారు 600 కిలోమీటర్లు. కొన్ని దశాబ్దాల్లోనే అది ఇక్కడి చేలగట్లకు ఎలా చేరింది?

ఇలాంటి ప్రశ్నకు చర్య-వ్యాపన నమూనా ఒక సూత్రం ఇస్తుంది. ఒక జాతి ఉన్నచోట పెరుగుతూ, నలువైపులా కొద్దికొద్దిగా చెదురుతూ పోతే, దాని అంచు స్థిరమైన వేగంతో ముందుకు జరుగుతుంది. జన్యువుల వ్యాప్తి విషయంలో దీన్ని 1937లో గణాంక, జన్యు శాస్త్రవేత్త ఫిషర్ చూపారు. ఆ వేగం c = 2√(rD). ఇక్కడ r వృద్ధి రేటు, D వ్యాపన గుణకం. మొక్కల విషయంలో తల్లి మొక్క నుంచి గింజలు పడిన దూరాల వర్గాలకు సగటు కట్టి, దాన్ని నాలుగుతో భాగిస్తే ఏడాదికి D వస్తుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. మొక్కల సంఖ్య ఏటా పదింతలైతే r, అంటే 10కి సహజ సంవర్గమానం, 2.3 అవుతుంది. గింజలు సుమారు 5 మీటర్ల దూరంలో రాలితే దూరాల వర్గాల సగటు 25, D 6.25. అప్పుడు వేగం ఏడాదికి దాదాపు ఏడున్నర మీటర్లు. ఈ నడకతో పుణె నుంచి వరంగల్ రావడానికి దాదాపు 80 వేల ఏళ్లు పట్టాలి.

తప్పు వృద్ధి రేటులో ఉందా? పదింతలకు బదులు నూరింతలు పెరిగినా r రెట్టింపే అవుతుంది, వేగం 11 మీటర్లు దాటదు. దూరం సంగతి వేరు. వెయ్యి గింజల్లో ఒక్కటి పెంట ట్రాక్టరు టైరుకు అంటిన బురదలో 10 కిలోమీటర్లు పోయిందనుకోండి. ఆ ఒక్కదాని వల్లే వర్గాల సగటు 25 నుంచి లక్షకు ఎగబాకి, వేగం ఏడాదికి 480 మీటర్లవుతుంది. అయినా 600 కిలోమీటర్లకు వెయ్యేళ్లకు పైనే. పైగా అరుదైన దూరాలే సగటును శాసిస్తున్నప్పుడు ఈ సూత్రాన్ని నమ్మలేం. ముందు దూకిన ప్రతి గింజా కొత్త కేంద్రమై, అంచు ఏటికేడు మరింత వేగం పుంజుకుంటుంది.

అంచు నిలకడగా కదులుతోందా, వేగం పుంజుకుంటోందా అని పోల్చుకోవడానికి జీవ గణాంక శాస్త్రవేత్త స్కెల్లమ్ 1951లో వాడిన పద్ధతి ఉంది. ఐరోపాలో మస్క్‌రాట్ ఎలుకలు ఆక్రమించిన విస్తీర్ణానికి వర్గమూలం తీసి, సంవత్సరాల వారీగా గీస్తే గీత ఇంచుమించు వంపు లేని సరళరేఖగా వచ్చింది. అంటే అంచు నిలకడైన వేగంతో కదిలింది. మన మండలాల్లో వయ్యారిభామ ఉన్న విస్తీర్ణాన్ని ఏటా నమోదు చేసి ఇలాగే గీయవచ్చు. గీత పైకి వంగుతుంటే గింజలు దూరాలకు దూకుతున్నట్టే. అప్పుడు చేను మధ్యలో పీకడం కంటే రోడ్ల పక్క మొక్కలను పూతకు ముందే తీసేయడం, పెంట, మట్టి మోసే బండ్ల టైర్లు కడగడం మీద కూలి డబ్బు ఖర్చుపెట్టాలని నా అభిప్రాయం.