ఒంటిగంట లారీ

ఫేస్‌బుక్‌లో ఈమధ్య ఒకే రకం కథ కనపడుతోంది. "వ్యాపారి బెదిరించాడు, నేను ముఖం మీదే నాలుగు తిట్టి లేచి వచ్చేశాను, మర్నాడు కాళ్లబేరానికి వచ్చాడు." కింద నాలుగొందల లైకులు. చదివినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. లేచి వచ్చేసి, తరవాత ఇంకా తక్కువకి అమ్ముకున్నవాళ్లు పోస్టులు పెట్టరు కదా. నేను గుంటూరులో పుట్టి, మిర్చి యార్డు ఘాటుకి తుమ్ముతూ పెరిగినవాణ్ణి. బేరంలో బెదిరింపు వచ్చినప్పుడు తిట్టడమూ తప్పే, భయపడి తలూపడమూ తప్పే అని నా అభిప్రాయం. మా ఇంట్లో జరిగిందే చెప్తాను, కొంచెం పెద్ద పోస్టు, ఓపికుంటే చదవండి.

నాన్నకి కోల్డ్ స్టోరేజీలో 120 టిక్కీల తేజ రకం మిర్చి ఉంది, టిక్కీ అంటే బస్తా. టిక్కీకి సుమారు 45 కిలోలు, అంటే 54 క్వింటాళ్లు. సాగు పెట్టుబడికి కమీషన్ కొట్టు ఆయన దగ్గరే 2 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. మా వైపు చాలామంది రైతుల పరిస్థితి ఇదే, అప్పిచ్చేదీ సరుకు అమ్మిపెట్టేదీ ఒకే మనిషి. ఇది మనసులో పెట్టుకుంటే తరవాత జరిగింది అర్థమవుతుంది.

ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి కొట్టు నుంచి ఫోన్. నాన్న స్పీకర్ పెట్టాడు.

"పెద్దాయనా, వ్యాపారి మీ శాంపిల్ చూశాడు. క్వింటాకి 13,200 ఇస్తానంటున్నాడు. ఒంటిగంట దాకే ఆగుతాడట, లారీ లోడవుతోంది. తరవాత వేరే సరుకు ఎక్కించుకుంటాడు. పై వారం నుంచి రేటు పడిపోద్ది, నా మాట విను. ఇంకోటి, మన బాకీ సంగతి కూడా ఈ నెల్లోనే తేల్చెయ్యాలి, నాకూ ఒత్తిడి ఉంది."

నాన్న ముఖం మారిపోయింది. మా బావ పక్కనే ఉన్నాడు, "ఎవడనుకుంటున్నాడు మనల్ని" అని ఫోన్ లాక్కోబోయాడు. ఇలాంటి ఫోన్లు పనిచేసేది సరిగ్గా ఇక్కడే. ఒకే ఊపిరిలో మూడు విషయాలు కలిపి చెప్తారు, మనం మూడింటికీ కలిపి ఒకే జవాబు చెప్తాం, అదీ కోపంతోనో భయంతోనో. నేను నాన్న చేత ఒక్క మాటే అనిపించాను. "సరేనండీ, అర్థమైంది. ఇంట్లో మాట్లాడుకుని పదకొండున్నరకి నేనే ఫోన్ చేస్తాను." గంట టైమ్ దొరికింది. ఒంటిగంట గడువు నిజమైనా పదకొండున్నరకి చేసే ఫోన్‌తో ఏ నష్టమూ లేదు.

ఆ గంటలో మేం చేసింది కాగితం మీద లెక్క. ఆగితే మాకయ్యే ఖర్చెంత? 2 లక్షల మీద నెలకి 4,000 వడ్డీ. 54 క్వింటాళ్లకి పంచితే క్వింటాకి నెలకి 74 రూపాయలు, రోజుకి రెండున్నర. మేం పెట్టిన కోల్డ్ స్టోరేజీలో అద్దె సీజనంతటికీ ఒకటే కాబట్టి ఇంకో నెలున్నా అది పెరగదు. మరి తొందరపడితే పోయేదెంత? నేను ఇంకో రెండు కొట్లకి ఫోన్ చేసి, ఇదే రకం ఇదే రంగు సరుకు ఎంతకి పోతోందో అడిగాను. 13,800 నుంచి 14,200 మధ్య అన్నారు. మధ్యలో 14,000 వేసుకుంటే క్వింటాకి 800 తేడా, మొత్తం మీద 43,200. అంటే ఒంటిగంట లోపు ఔనంటే దాదాపు పదకొండు నెలల వడ్డీ వదులుకున్నట్టు. లెక్క చూసేసరికి నాన్న కుర్చీలో వెనక్కి వాలాడు. మేం ధైర్యం చెప్పాల్సిన పని లేకపోయింది.

ఒక జాగ్రత్త ఉంది. మా నాన్నకి, ఆయన స్నేహితులకీ ఎప్పుడూ గుర్తుండేది యార్డులో ఆ రోజు పలికిన గరిష్ఠ ధరే. అది ఏ నాలుగు లాట్లకో పలికి ఉంటుంది. ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్‌లో కనిష్ఠం, గరిష్ఠంతో పాటు మోడల్ ధర అని ఇంకోటి ఇస్తారు, ఎక్కువ సరుకు పోయిన రేటు అన్నమాట. చూడాల్సింది దాన్ని. గరిష్ఠం పట్టుకుని కూర్చుంటే అవతలివాడు మనల్ని బెదిరించక్కర్లేదు, మనమే మనల్ని మోసం చేసుకుంటాం.

ఇక రేటు పడిపోతుందన్న మాట. ఇది అబద్ధమని నేననను. 2025 మొదట్లో మిర్చి ఎంతగా పడిందో గుర్తుంది కదా, ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో ఇవ్వాళే అమ్మమన్నవాడు మన మేలు కోరినవాడే. అందుకే చెప్పినవాడి గొంతు కాకుండా రెండు వారాల రేట్లు చూశాను. రోజుకి నూరో నూటయాభయ్యో అటూ ఇటూ కదులుతున్నాయి, జారిపోవడం లేదు. వరసగా జారుతుంటే నేనే నాన్నని ఆ పూటకి అమ్మేయమనేవాణ్ణి.

బాకీ మాట వేరు. అది ఉత్తి మాట కాదు, అడిగే హక్కు ఆయనకుంది. ఇలాంటిదానికి మాటలతో జవాబు ఉండదు, ఏర్పాటు చేసుకోవాలి. అమ్మ గాజులు బ్యాంకులో పెడితే ఆ పూటే 2 లక్షలు వస్తాయని బావ కనుక్కున్నాడు, వడ్డీ కూడా రెండు రూపాయలకంటే బాగా తక్కువ. కోల్డ్ స్టోరేజీ వాళ్లు సరుకుకి రాసిచ్చే బాండు మీద కూడా బ్యాంకులు అప్పిస్తాయి, కాకపోతే ఆ పని ఒక్క పూటలో తెమలదు. ఆ బాండు గురించి ఒక మాట చెప్పాలి. సరుకు పెట్టిన రోజున బాండు కొట్టులో ఇచ్చి వెళ్లమన్నారట. అమ్మ ఒప్పుకోలేదు, తెచ్చి బీరువాలో పెట్టింది. పేరు నాన్నది, కాగితం మా ఇంట్లో. అదే వాళ్ల పేరు మీదో వాళ్ల సొరుగులోనో ఉంటే నేను చెప్తున్న ఈ లెక్కలన్నీ దండగ. వేరేవాళ్లకి అమ్ముతామనడానికి మనకి నోరుండదు. బేరం గెలిచింది నేనని అందరూ అంటారు గానీ అసలు గెలిచింది ఆ బీరువా.

పదకొండున్నరకి నాన్నే ఫోన్ చేశాడు. గడువు గురించి మామూలుగా, తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగాడు. లారీ ఏ ఊరికండీ? ఇప్పటికి ఎన్ని టిక్కీలు ఎక్కాయి? మన సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది కదా, ఇప్పుడు ఊ అన్నా దింపి కాటా వేసేసరికి సాయంత్రం అవదూ? అవతల కాసేపు "అదే... వాళ్ల మనిషి చూసుకుంటున్నాడు" అన్న నసుగుడు. నేను గమనించినంతలో నిజమైన గడువుకి వివరాలుంటాయి, అడిగితే విసుక్కోకుండా చెప్తారు. లేని గడువుకి వివరాల బదులు గొంతు పెరుగుతుంది. ఇది నూటికి నూరుపాళ్లు పనిచేసే పరీక్ష కాదు, మధ్యవర్తికి పాపం నిజంగానే తెలియకపోవచ్చు. అందుకే నాన్న ఇంకోటి కూడా అడిగాడు, "రేటు, ఎన్ని టిక్కీలు, డబ్బు ఏ రోజు ఇస్తారో వాట్సాప్‌లో పెట్టండి, అబ్బాయికి చూపిస్తా." మెసేజ్ వచ్చింది. అందులో రేటు ఉంది, టిక్కీలున్నాయి, డబ్బు వారంలో అని ఉంది. ఒంటిగంట మాత్రం లేదు.

అయినా నాన్న "మీరు అబద్ధం చెప్తున్నారు" అనలేదు. అన్నది ఇంతే, "ఒంటిగంటకి వాళ్లకి కుదరకపోతే వేరే సరుకు చూసుకోమనండి, మాకేం కోపం లేదు. మా రేటు 14,100. శుక్రవారం దాకా మీకు చెప్పకుండా ఇంకొకరికి ఇవ్వం. బాకీ మీకు ఇప్పుడే కావాలంటే రేపు సాయంత్రానికి తెచ్చిస్తాను." చివరి వాక్యానికి అవతలివైపు కొంచెంసేపు చప్పుడు లేదు. తరవాత "ఛ ఛ, బాకీకి తొందరేముందండీ" అన్నాడు.

పదిన్నరకి తొందర, పదకొండున్నరకి తొందర లేదు. సరే.

ఒంటిగంట దాటింది. రెండయింది. ఈ భాగం గురించి ఆ హీరో పోస్టుల్లో ఎవరూ రాయరు. ఫోన్ మోగదు, అన్నం దిగదు, లెక్క తప్పేమో అనిపిస్తుంది. నాన్న రెండుసార్లు "పోనీ 13,500కి ఇచ్చేద్దామా" అన్నాడు. మనం ఫోన్ చేసి తగ్గించామా, ఇక ప్రతి గడువూ మన మీద పనిచేస్తుంది. కాగితం మళ్లీ చూపించాను.

మూడూ నలభైకి ఫోన్. "ఆయన ఇంకా ఇక్కడే ఉన్నాడు పెద్దాయనా, 13,600 చెయ్యమంటున్నాడు." బావ నోట్లోంచి "ఒంటిగంట దాకే ఆగుతాడన్నారుగా" అన్న మాట సగం బయటికొచ్చింది, నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆ ఒక్క మాట అంటే వాడు తన పరువు కోసం ఇంకో అబద్ధం ఆడాలి, ఆ అబద్ధం కోసం రేటు దగ్గర బిగుసుకోవాలి. వెనక్కొచ్చినవాడికి దారి వదలాలి. నాన్న "మంచిది, సంతోషం. 14,100 దగ్గర కొంచెం చూస్తాం, మీరూ చూడండి" అన్నాడు. బుధవారం పొద్దున 13,950 దగ్గర తెగింది. మేం అడిగినంత రాలేదు. మొదటి మాట మీద 750 ఎక్కువ, 54 క్వింటాళ్లకి 40,500.

ఇది చదివి ప్రతి గడువూ బూటకమే అనుకోకండి. కొన్నేళ్ల క్రితం నాన్న అలాగే అనుకుని దెబ్బతిన్నాడు. ఎండాకాలం సెలవులకి యార్డు మూసేస్తారు, ఆ లోపు అమ్ముకో అంటే "అందరూ ఇలాగే చెప్తారు" అని కూర్చున్నాడు. యార్డు నిజంగానే మూశారు. సరుకు కోల్డ్ స్టోరేజీలో లేదు, ఇంటి వసారాలో ఉంది. తొలకరి చినుకులకి తేమ పట్టి, రంగు తగ్గి, తాలు కింద లెక్కగట్టి కొన్నారు. ఆ గడువు ఏ వ్యాపారీ కల్పించింది కాదు, ఎవర్ని అడిగినా తేదీతో సహా చెప్పేవాళ్లు. అడగలేదు, అంతే.

ఎదురు బ్లఫ్ చెయ్యమని సలహా ఇచ్చే పెద్దమనుషులకి కూడా ఒక మాట. లేని కొనుగోలుదారుణ్ణి సృష్టించి "ఫలానా ఆయన 14,500 ఇస్తానన్నాడు" అంటే, "అయితే ఆయనకే ఇచ్చుకోండి" అంటాడు. అప్పుడేం చేస్తాం? యార్డులో అందరూ అందరికీ తెలుసు, సాయంత్రానికి బయటపడుతుంది. మేం రేటు అడిగిన రెండు కొట్లూ నిజంగా ఉన్నాయి, అడిగితే పేర్లు చెప్పగలం. నాన్న గొంతు వణక్కుండా ఉందంటే కారణం అదే.

గురువారం కాటా అయింది. బాకీ, వడ్డీ అమ్మకం పట్టీలోనే కోసుకుని మిగతాది వారంలో ఇచ్చారు. కొట్టు ఆయన నాన్నకి టీ తెప్పించి, వచ్చే పంటకి పెట్టుబడి కావాలంటే మొహమాటపడొద్దన్నాడు. నాన్న చూద్దాంలెండి అన్నాడు. ఒంటిగంట లారీ ఎవరిదో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.