సవరణ: ‘కున్నాడు’లోని ‘కొను’ గురించి

“అన్నా, ‘కొను’ అంటే డబ్బులిచ్చి కొనడమే కదా, మరి ‘కళ్ళు మూసుకున్నాడు’లో ఏం కొన్నట్టు?” అని ఒకరు అడిగారు.

మొన్నటి పోస్టులో ‘చేసుకున్నాడు’లోని ‘కున్నాడు’ కొనుగోలు అర్థం నుంచే వచ్చిందని రాశాను, అది తప్పు. ‘కొను’కి పాత అర్థం తీసుకోవడం. ‘చేకొను’, ‘కైకొను’ అనే మాటల్లో అది ఇంకా కనిపిస్తుంది, చేత్తో తీసుకోవడం అని. తమిళంలో ‘కొళ్’ కూడా ఇలాగే ఇంకో క్రియ పక్కన చేరి పని తనకోసమే అని చెప్తుంది. డబ్బులిచ్చి తీసుకోవడం అనేది ఆ అర్థం నుంచి చీలిన ఒక కొమ్మ, తనకోసం చేయడం ఇంకో కొమ్మ.

మన అనంతపురం సంతలో వినే ‘శెనక్కాయలు కొనుక్కున్నాడు’ చూడండి, నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది. ఒకే క్రియ రెండుసార్లు ఉంది, మొదటిది కొనడం, రెండోది వ్యాకరణం. మామూలు క్రియగా ఉన్నప్పుడు ‘కొన్నాడు’ అంటాం, ‘కున్నాడు’ అని ఎప్పుడూ అనం. అరిగింది ప్రత్యయమైన రూపం మాత్రమే: చేసికొన్నాడు, చేసుకొన్నాడు, చేసుకున్నాడు.

ఇంగ్లీషు ‘విల్’ కూడా అంతే. పాత ఇంగ్లీషులో అది కోరుకోవడం, తర్వాత భవిష్యత్తు గుర్తయింది, ‘ఐ విల్’ అరిగి ‘ఐల్’ అయింది. కానీ వీలునామా అనే అర్థంలో ఉన్న ‘విల్’ని ఎవరూ అలా కుదించరు.